ఆరోగ్య బీమా పాలసీ అనువాదంలో పదాల నిలకడ: అపోహలు - వాస్తవాలు

ఆరోగ్య బీమా పాలసీ పత్రం సాధారణంగా పదుల పేజీలు ఉంటుంది. గడువు తక్కువ కాబట్టి దాన్ని ముగ్గురో నలుగురో అనువాదకులు పంచుకుంటారు. పాలసీ తీసుకున్నాక కొన్ని జబ్బులకు బీమా వర్తించని తొలి కాలాన్ని ఒకరు ‘నిరీక్షణ కాలం’ అని, మరొకరు ‘వేచి ఉండాల్సిన వ్యవధి’ అని రాస్తే, ఆ పాలసీ తీసుకున్నవారు ఇవి రెండు వేర్వేరు షరతులని అనుకోవడానికి పూర్తి అవకాశం ఉంది. ఇలా జరగకుండా, ఏ పదానికి ఏ తెలుగు మాట వాడాలో రాసి పెట్టుకునే గ్లాసరీని, పాత అనువాదాలను దాచిపెట్టే ట్రాన్స్‌లేషన్ మెమరీని ఆశ్రయిస్తాము. అయితే ఈ రెండింటి పని గురించి అనువాదకుల్లోనూ, పని అప్పగించే సంస్థల్లోనూ కొన్ని అపోహలు బలంగా ఉన్నాయి.

అపోహ: ట్రాన్స్‌లేషన్ మెమరీ ఉంటే గ్లాసరీ అవసరం లేదు.

వాస్తవం: మెమరీ దాచేది వాక్యాల జంటలను. మూలంలోని వాక్యం, దానికి ఎవరో ఒకరు గతంలో చేసిన అనువాదం, ఈ రెండూ అందులో పక్కపక్కన ఉంటాయి. ఆ అనువాదంలోని మాట సరైనదా కాదా అన్నది మెమరీకి తెలియదు. గత మూడేళ్లలో ముగ్గురు మూడు రకాలుగా రాసి ఉంటే మూడింటినీ అదే నమ్మకంతో చూపిస్తుంది. ఏ మాట ఎంచుకున్నాము, ఎందుకు ఎంచుకున్నాము, ఏది వాడకూడదు అన్న నిర్ణయం ఉండేది గ్లాసరీలో మాత్రమే.

మెమరీ వల్ల మరింత ప్రమాదకరమైన పొరపాటు కూడా జరుగుతుంది. పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం 48 నెలలకు మించకూడదని గతంలో నియమం ఉండేది. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆ పరిమితిని 36 నెలలకు తగ్గించింది. పాత పాలసీ అనువాదం మెమరీలో ఉండి, కొత్త పాలసీలోని వాక్యంలో ఆ ఒక్క అంకె మాత్రమే మారితే, అనువాద సాధనం పాత అనువాదాన్నే చాలా ఎక్కువ శాతం పోలికతో చూపిస్తుంది. అనువాదకుడు అలవాటుగా దాన్ని అంగీకరించి ముందుకు వెళితే తెలుగు పత్రంలో 48 నెలలు అలాగే మిగిలిపోతుంది. వాక్యం నిర్దుష్టంగా, పదాలు నిలకడగా ఉన్నందువల్లనే ఈ తప్పు సమీక్షకుడి కంటికి కూడా అందదు. అందుకే పోలిక ఎక్కువగా ఉన్న వాక్యాల్లో అంకెలను, తేదీలను, ‘మించకుండా’, ‘తక్కువ కాకుండా’ వంటి మాటలను విడిగా చదవాలని నేను గట్టిగా కోరుతాను.

అపోహ: నిలకడ అంటే ఒక ఇంగ్లీషు మాటకు ప్రతిచోటా ఒకే తెలుగు మాట వాడటం.

వాస్తవం: నిలకడ ఉండవలసింది భావనకూ మాటకూ మధ్య. ‘డిశ్చార్జ్’ అన్న మాటనే చూడండి. రోగి ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లడం డిశ్చార్జి. నామినీకి సొమ్ము చెల్లించడంతో బీమా సంస్థ బాధ్యత తీరిపోతుందని చెప్పే నిబంధనలో కూడా ఇంగ్లీషులో అదే మాట ఉంటుంది. అక్కడ ‘బాధ్యత నుంచి విముక్తి’ అని రాయాలి. గ్లాసరీలో ఈ రెండూ వేర్వేరు వరుసల్లో, ఏ సందర్భంలో ఏది అన్న వివరణతో ఉండాలి.

దీనికి ఎదురుగా, వేర్వేరు భావనలకు ఒకే మాట పడటం ఇంకా చేటు. ‘బీమాదారు’ అన్న మాటను కొందరు పాలసీ కొన్నవారికి, కొందరు బీమా రక్షణ పొందినవారికి, కొందరు ఏకంగా బీమా సంస్థకే వాడతారు. కుటుంబమంతటికీ ఒకే పాలసీ ఉన్నప్పుడు భర్త పాలసీదారు కావచ్చు, భార్యాపిల్లలు బీమా పొందిన వ్యక్తులు కావచ్చు. ప్రీమియం కట్టవలసింది పాలసీదారు; సంస్థ కోరితే వైద్య పరీక్షకు హాజరు కావలసింది క్లెయిము ఎవరి చికిత్సకు సంబంధించినదో ఆ వ్యక్తి. రెండు చోట్లా ‘బీమాదారు’ అని రాస్తే పరీక్షకు ఎవరు వెళ్లాలో పత్రం చెప్పనట్టే. అందువల్ల నేను ఆ మాటను నిషిద్ధ పదంగా నమోదు చేయిస్తాను. ఒమేగాటీ వంటి ఉచిత సాధనంలో గ్లాసరీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. మూలపదం, తెలుగు పదం, వివరణల మధ్య ట్యాబ్ ఉంటుంది.

```
policyholder	పాలసీదారు	ప్రీమియం కట్టేవారు; "బీమాదారు" వద్దు
insured person	బీమా పొందిన వ్యక్తి	"బీమాదారు" వద్దు
insurer	బీమా సంస్థ
waiting period	నిరీక్షణ కాలం
discharge	డిశ్చార్జి	ఆసుపత్రి నుంచి
discharge	బాధ్యత నుంచి విముక్తి	చెల్లింపు నిబంధనల్లో
```

ఈ విషయంలో తెలుగు అనువాదకులకు అదనపు బాధ్యత ఒకటి ఉంది. ఇంగ్లీషు పాలసీలు చాలావాటిలో, నిర్వచించిన పదాలను పెద్ద అక్షరంతో మొదలుపెడతారు. ‘హాస్పిటల్’ అన్న మాట పెద్ద అక్షరంతో కనబడితే, నిర్వచనాల విభాగంలో చెప్పిన హాస్పిటల్ అని పాఠకుడు గుర్తిస్తాడు. ఆ నిర్వచనం ప్రకారం, పది లక్షల కంటే తక్కువ జనాభా ఉన్న పట్టణాల్లో కనీసం 10 పడకలు, మిగిలిన చోట్ల కనీసం 15 పడకలు ఉండటం వంటి షరతులు ఉంటాయి. మన లిపిలో పెద్ద అక్షరాలు లేవు కాబట్టి ఆ గుర్తు అనువాదంలో పోతుంది. ఒక పేజీలో ఆసుపత్రి, మరో పేజీలో వైద్యశాల, ఇంకోచోట దవాఖానా అని రాస్తే నిర్వచనంతో ఉన్న ముడి తెగిపోతుంది. నిర్వచనాల విభాగాన్ని ముందుగా ఒక్కరే అనువదించి, అందులోని పదాలతో గ్లాసరీ సిద్ధం చేసి, ఆ తరువాతే మిగిలిన పేజీలను పంచుకోవడం ఇందుకే మేలు.

అపోహ: సాఫ్ట్‌వేర్ తనిఖీలో తప్పులు చూపకపోతే పదాలు నిలకడగా ఉన్నట్టే.

వాస్తవం: అక్షరాలను ఉన్నవి ఉన్నట్టుగా పోల్చే తనిఖీకి తెలుగు విభక్తులు అర్థం కావు. గ్లాసరీలో ‘నిరీక్షణ కాలం’ అని ఉంటే ‘నిరీక్షణ కాలంలో’ అన్నది దానికి దొరుకుతుంది. ‘నిరీక్షణ కాలానికి’, ‘నిరీక్షణ కాలాన్ని’ అన్నచోట చివరి సున్న పోయింది కాబట్టి, పదం వాడలేదని హెచ్చరిస్తుంది. ఇలాంటి ఉత్తుత్తి హెచ్చరికలు వందల్లో వచ్చేసరికి అనువాదకుడు అన్నింటినీ ఒక్కసారిగా కొట్టివేస్తాడు. వాటి మధ్యలో ఉన్న అసలు తప్పులు కూడా వాటితోపాటే పోతాయి.

నేను అనుసరించే పద్ధతిలో పదం మొత్తాన్ని కాక, మారని భాగాన్ని వెతుకుతాను. ‘నిరీక్షణ కాల’ అని వెతికితే కాలం, కాలానికి, కాలాన్ని, కాలపు అన్నీ దొరుకుతాయి. ‘ఆసుపత్రి’కి బహువచనం ఆసుపత్రులు కాబట్టి చివరి గుడి తీసివేసి ‘ఆసుపత్ర’ అని వెతకాలి. పని పూర్తయ్యాక మూలాన్నీ అనువాదాన్నీ రెండు నిలువు వరుసలుగా స్ప్రెడ్‌షీట్‌లోకి తెచ్చి, ఇంగ్లీషు వరుసలో ‘వెయిటింగ్ పీరియడ్’ ఉండి తెలుగు వరుసలో ‘నిరీక్షణ కాల’ లేని వాక్యాలను మాత్రమే వడకడతాను. మిగిలేవి కొద్ది వాక్యాలే. వాటిలో కొన్ని సర్వనామం వాడిన సరైన వాక్యాలే కావచ్చు, తక్కినవి దిద్దవలసినవి.

కంటికి సులువుగా కనబడని తేడా మరొకటి ఉంది. ‘నెట్‌వర్క్ ఆసుపత్రి’ అని రాసేటప్పుడు ట తరువాత వ ఒత్తుగా మారకుండా ఒక అదృశ్య అక్షరం, యూనికోడ్‌లో `U+200C`, పెడతారు. ఒకరు దాన్ని పెట్టి, మరొకరు పెట్టకుండా రాస్తే సాధనం దృష్టిలో అవి రెండు వేర్వేరు పదాలు. మీటర్, మీటరు వంటి రూపభేదాల సంగతీ ఇంతే. ఏ రూపం వాడాలో గ్లాసరీలోనే తేల్చి, అక్కడి నుంచి నకలు చేసుకోవాలి తప్ప మళ్లీ టైపు చేయకూడదు.

అపోహ: మధ్యలో పదం మారిస్తే గ్లాసరీలో దిద్దితే సరిపోతుంది.

వాస్తవం: గ్లాసరీలో దిద్దినది ఇకమీదట అనువదించే వాక్యాలకే సూచనగా వస్తుంది. పూర్తయిన పేజీలు, మెమరీలో చేరిన జంటలు పాత మాటతోనే ఉంటాయి. వాటిని మూలపదం ఆధారంగా వెతికి, ఒక్కొక్క వాక్యాన్నీ చూసి దిద్దాలి. గుడ్డిగా ‘అన్నీ మార్చు’ నొక్కితే విభక్తులు తప్పుతాయి: ‘వ్యవధి’ స్థానంలో ‘కాలం’ పెడితే ‘వ్యవధికి’ కాస్తా ‘కాలంకి’ అవుతుంది. పత్రాన్ని వర్డ్ ఫైలులో మాత్రమే దిద్ది మెమరీని వదిలేస్తే, మరుసటి ఏడాది పాలసీ సవరణ వచ్చినప్పుడు పాత మాటే తిరిగి వస్తుంది. అందువల్ల సమీక్షకుడి దిద్దుబాట్లు కూడా సాధనంలోనే జరగాలని, లేదా అప్పగించేముందు వాటిని తిరిగి సాధనంలో చేర్చాలని పని ఒప్పుకునేటప్పుడే మాట్లాడుకోవాలి.