రాత్రి షూటింగ్ ఉత్తరం: ఇరుగుపొరుగువారికి మేము నిజంగా చెప్పవలసినవి

కాలనీలో రాత్రి షూటింగ్ పెట్టుకున్నప్పుడు, రెండు మూడు రోజుల ముందే ఆ వీధిలోని ఇళ్లకు ఒక ఉత్తరం ఇవ్వడం ప్రొడక్షన్ మేనేజర్‌గా నా పని. ఆ ఉత్తరం చుట్టూ మా వాళ్లలోనూ, కాలనీవాసులలోనూ కొన్ని అపోహలు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పోలీసు అనుమతి ఉంటే రాత్రంతా మైకు వాడుకోవచ్చు.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు. ఆ సమయంలో ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. అర్ధరాత్రి 12 వరకు ఇచ్చే సడలింపు పండుగలకు, సాంస్కృతిక ఉత్సవాలకు ఏడాదిలో పరిమితమైన రోజులకే తప్ప సినిమా షూటింగ్‌కు కాదు. అందుచేత 10 దాటాక మా యూనిట్‌లో వాకీటాకీలే వాడాలి. స్పీకర్‌లో పాట వేసి తీయవలసిన షాట్లను ఆ వీధిలో రాత్రికి పెట్టుకోకూడదు.

అపోహ: సైలెంట్ జనరేటర్‌కు చప్పుడు ఉండదు.

ఈ మాట నేనూ ఒకప్పుడు ఉత్తరాల్లో రాసేవాణ్ణి, ఇప్పుడు రాయను. శబ్దాన్ని అడ్డుకునే పెట్టెలో బిగించిన డీజిల్ జనరేటర్‌కు కూడా పెట్టె నుంచి ఒక మీటరు దూరంలో 75 డెసిబెల్స్ వరకు నిబంధనలు అనుమతిస్తాయి. నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 మాత్రమే. ఖాళీ మైదానంలో దూరం రెట్టింపయిన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి కనుక, ఆ లెక్కన 8 మీటర్ల దగ్గర 57, 16 మీటర్ల దగ్గర 51, 32 మీటర్ల దగ్గర 45 వస్తాయి. కానీ ఇరువైపులా ప్రహరీలున్న సందులో శబ్దం గోడలకు తగిలి తిరిగి వస్తుంది కాబట్టి ఇంత త్వరగా తగ్గదు. అందుకే జనరేటర్ వ్యాన్‌ను సందులో కాక, మలుపు అవతల, ఏ పడకగదికీ ఎదురుగా లేని చోట నిలిపి, కేబుల్ పొడవు పెంచుకోవాలి. ఆ చోటు ఎక్కడో ఉత్తరంలో స్పష్టంగా రాయాలి.

అపోహ: షూటింగ్ ముగిసే సమయమే చప్పుడు ఆగే సమయం.

మా ఉత్తరాలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. షాట్ నడుస్తున్నంతసేపూ లొకేషన్‌లో అందరికంటే నిశ్శబ్దంగా ఉండేది మేమే. ప్యాకప్ చెప్పాకే అసలు చప్పుడు మొదలవుతుంది.

హైదరాబాద్‌లో మణికొండ వైపు ఒక కాలనీలో రెండు రాత్రుల పని ఉండి, ‘సాయంత్రం 6 నుంచి రాత్రి 2 వరకు’ అని రాసి పంచాను. మొదటి రాత్రి సరిగ్గా 2 గంటలకే ప్యాకప్ చెప్పాం. పావు తక్కువ మూడింటికి ట్రాలీ పట్టాలు, లైట్ స్టాండ్లు వ్యాన్‌లోకి ఎక్కిస్తుండగా ఎదురింటి పెద్దాయన నా ఉత్తరం చేత్తో పట్టుకుని గేటు దగ్గరకు వచ్చారు. “రెండింటికి అయిపోతుందని రాశారు కదా బాబూ, మరి ఈ ఇనుము చప్పుడేమిటి?” అన్నారు. ఆయనకు చెప్పడానికి నా దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే తప్పు నా ఉత్తరంలోనే ఉంది.

రెండో రాత్రికి దర్శకుడితో మాట్లాడి ట్రాలీ షాట్లన్నీ ముందుకు జరిపాం. పట్టాలు, నిచ్చెనలు 10 లోపే వ్యాన్ ఎక్కాయి. మిగిలిన స్టాండ్లను షూటింగ్ జరిగిన ఇంట్లోనే ఉంచి, వాచ్‌మన్‌ను కాపలా పెట్టి, ఉదయం 7 తరువాత తీయించాం. మరునాటికి వ్యాన్ అద్దె పెరిగింది, అయినా అది ఖర్చు పెట్టవలసిన చోటే. అప్పటి నుంచి నా ఉత్తరంలో ఇలా ఉంటుంది:

“చివరి షాట్ రాత్రి 2 గంటలకు. ఆ తరువాత సుమారు అరగంట మనుషులు, చిన్న బండ్లు మాత్రమే కదులుతాయి. బరువైన సామాను ఉదయం 7 గంటల తరువాతే తీస్తాము.”

అపోహ: రోడ్డు అందరిదీ కాబట్టి బండ్లు ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

రోడ్డు అందరిదీ కనుకనే అలా పెట్టకూడదు. జనరేటర్, లైట్ల బండి, కెమెరా బండి, క్యారవాన్లు, భోజనాల వ్యాన్ కలిస్తే చిన్న సందు నిండిపోతుంది. సందులో కెమెరా బండి, లైట్ల బండి తప్ప మరేదీ ఉండకూడదని, అవి కూడా ఒకే వైపున ఉండాలని నా నియమం. మిగతావన్నీ ముందుగా మాట్లాడుకున్న ఖాళీ స్థలంలోనే ఉండాలి. అంబులెన్స్ ఆగకుండా వెళ్లేంత దారి ఉందో లేదో సాయంత్రమే మా పెద్ద వ్యాన్‌ను ఒకసారి పోనిచ్చి చూస్తాను. రాత్రి డ్యూటీకి వెళ్లేవారు, డయాలసిస్ వంటి చికిత్సకు తెల్లవారుజామునే బయలుదేరేవారు ఉంటే, ఉత్తరం అందిన రోజే చెప్పమని అడుగుతాను. వారి గేటు ముందు కోన్లు పెట్టి, ఒక మనిషిని అక్కడే నిలబెడతాను.

ఉత్తరం చివర ఇచ్చే ఫోన్ నంబరు ఆఫీసుది కాకూడదు, రాత్రి 2 గంటలకు అక్కడ ఎవరూ ఉండరు. ఆ నంబరు ఉన్న ఫోన్ లొకేషన్‌లో నా జేబులో ఉంటుంది. షాట్ జరుగుతున్నప్పుడు కూడా దాన్ని ఆపను, వైబ్రేషన్‌లో ఉంచుతాను.