వరి ఆకు ఫొటో: అగ్గి తెగులేనా?

నాట్లు వేసి 35 రోజులైన సాంబ మసూరి ఆకు ఫొటో పంపి, ఇది ఏ తెగులని ఒక రైతు అడిగారు. మచ్చలు రెండు కొనలా సన్నబడి, నూలు కండె ఆకారంలో ఉన్నాయి. మధ్యలో బూడిద రంగు, చుట్టూ ముదురు గోధుమ అంచు. చాలామటుకు ఇది అగ్గి తెగులే. సాంబ మసూరికి అది తేలిగ్గా సోకుతుంది కూడా.

మచ్చ కనబడక ముందు జరిగేదే అసలు అద్భుతం. ఆకు మీద పడ్డ, ఈ తెగులు తెచ్చే శిలీంధ్ర బీజం తడిలో మొలకెత్తి, కొసన ఒక గుండ్రటి కణాన్ని కడుతుంది. ఆ కణం గోడకు మెలనిన్ అనే నల్లటి పొర ఉంటుంది. నీళ్లు దాని గుండా లోపలికి వెళ్తాయి, లోపల పోగైన గ్లిజరాల్ మాత్రం బయటికి రాలేదు. అలా లోపలి ఒత్తిడి వాతావరణ పీడనానికి 80 రెట్ల దాకా పెరుగుతుంది. కారు టైరులో ఉండే ఒత్తిడికి ఇది దాదాపు 40 రెట్లు! ఆ బలంతోనే ఒక సన్నని పోగు ఆకు పైపొరను చీల్చుకుని లోపలికి దిగుతుంది.

అగ్గి తెగులుకు కొట్టే ట్రైసైక్లజోల్ మందు ఈ మెలనిన్ తయారీనే ఆపుతుంది. పొర లేకపోతే గ్లిజరాల్ కారిపోయి ఒత్తిడి నిలవదు. అంటే ఆ మందు కొత్తగా దిగేవాటిని అడ్డుకుంటుందే గాని, ఉన్న మచ్చను మాన్పదు. పాత మచ్చలు పోలేదని వెంటనే మళ్లీ కొట్టడం దండగ. మందు పనిచేసిందో లేదో కొత్త ఆకులే చెబుతాయి.

అయితే ఒక్క ఫొటో చూసి మందు డబ్బా తెరవకూడదు. లేత మచ్చకు కండె ఆకారం ఇంకా రాదు, చిన్న చుక్కలా ఉంటుంది. పాఠాల్లో ఎదిగిన మచ్చ బొమ్మే చూపిస్తారు కాబట్టి చాలామంది ఇక్కడే పొరబడతారు. గోధుమ రంగు మచ్చ తెగులులో మచ్చలు కోలగా, మొద్దు కొనలతో ఉంటాయి. అది ఎక్కువగా పోషకాలు చాలని చేలో వస్తుంది. అగ్గి తెగులు అందుకు విరుద్ధం, యూరియా ఎక్కువైన చేలో చెలరేగుతుంది. అందుకే ఎంత యూరియా, ఎప్పుడు వేశారన్నది మొదట అడగాలి. రాత్రి చలి, పొద్దెక్కేదాకా మంచు ఉన్నాయా అన్నది తర్వాతి ప్రశ్న. ఆకు అంచుల నుంచి ఎండుతూ వస్తుంటే బాక్టీరియా వల్ల వచ్చే ఎండాకు తెగులును అనుమానించాలి. ఆ ఆకును కోసి, కోసిన కొనను గాజు గ్లాసులోని తేట నీళ్లలో ఉంచితే, బాక్టీరియా ఉన్నట్లయితే కాసేపటికి పాల లాంటి ధార దిగుతుంది. అగ్గి తెగులులో ధార ఉండదు.

ఇంకా తేలకపోతే మచ్చలున్న ఆకు ముక్కలను తడి కాగితం మీద పరిచి, మూత ఉన్న డబ్బాలో ఒక రోజు ఉంచండి. 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూస్తే, మచ్చ నడుమ బూడిద రంగు నూగు కనబడితే అగ్గి తెగులు అనుమానం బలపడుతుంది. ఖాయంగా తేల్చేది సూక్ష్మదర్శినిలో కనిపించే బీజం ఆకారమే.

అగ్గి తెగులేనని తేలాక యూరియా ఆపి, 75 శాతం ట్రైసైక్లజోల్ పొడిని లీటరు నీటికి 0.6 గ్రాముల చొప్పున కలిపి కొట్టాలి. వెన్ను బయటికి వచ్చేటప్పుడు మెడ దగ్గర మళ్లీ చూడాలి. అక్కడ సోకితే గింజ పాలు పోసుకోక తాలు అవుతుంది.