విండో మూసేస్తే పని అయిపోయినట్టేనా? బ్రౌజింగ్ సెంటర్ అపోహలు – వాస్తవాలు

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర మా సెంటర్. నోటిఫికేషన్ల కాలంలో ఉరవకొండ, కళ్యాణదుర్గం బస్సులు దిగి నేరుగా మా దగ్గరికే వస్తారు. ఆఖరి తేదీ హడావుడిలో దరఖాస్తు మీద ఉండే ధ్యాస, లేచి వెళ్లేటప్పుడు ఏం వదిలి వెళుతున్నామన్న దాని మీద ఉండదు.

అపోహ: విండో మూసేస్తే లాగౌట్ అయినట్టే.

కాదు. మీరు లాగిన్ అయినప్పుడు ఆ వెబ్‌సైట్ బ్రౌజర్‌కు కుకీ అనే చిన్న గుర్తింపు చీటీ ఇస్తుంది. మీరు Sign out నొక్కినప్పుడే ఆ చీటీ రద్దవుతుంది. విండో మూస్తే తెర మీది పేజీ పోతుంది కానీ, చాలా సైట్ల చీటీ కంప్యూటర్‌లోనే ఉంటుంది. కొన్ని ప్రభుత్వ సైట్లు కాసేపు కదలిక లేకపోతే వాటంతటవే బయటికి పంపేస్తాయి. జీమెయిల్ అలా పంపదు.

పీజీ ప్రవేశానికి దరఖాస్తు చేయడానికి వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. మార్కుల మెమో ఫోటో ఆమె ఫోనులో ఉంది. దాన్ని తనకు తానే మెయిల్ చేసుకుని, మా కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి దించుకుంది. ఫారం నింపింది, ఫీజు కట్టింది, ప్రింటు తీసుకుంది. దరఖాస్తు సైట్ నుంచి శ్రద్ధగా లాగౌట్ అయింది. జీమెయిల్ ట్యాబ్‌ను మాత్రం మూసేసి లేచింది.

"అమ్మా, మెయిల్ నుంచి బయటికి వచ్చావా?" అని అడిగాను.

"మూసేశాను కదన్నా!"

అదే కుర్చీలో కూర్చోబెట్టి gmail.com కొట్టమన్నాను. పాస్‌వర్డ్ అడగకుండానే ఆమె ఇన్‌బాక్స్ తెరుచుకుంది. అందులో పైన ఉన్నదే ఆ దరఖాస్తు నంబరు వచ్చిన మెయిల్. వెనక వచ్చేవాడు దరఖాస్తు సైట్‌లో Forgot Password నొక్కితే, చాలా చోట్ల కొత్త పాస్‌వర్డ్ పెట్టుకునే లింకు ఆ మెయిల్‌కే వస్తుంది. కాబట్టి దరఖాస్తు కంటే ముందు కాపాడుకోవలసింది మెయిల్‌ను. కుడివైపు పైన ఉన్న ఫోటో గుండ్రాన్ని నొక్కి, Sign out నొక్కి, మళ్లీ అదే చిరునామా తెరిచి చూడండి. పాస్‌వర్డ్ అడిగితేనే మీరు బయటికి వచ్చినట్టు.

అపోహ: పొరపాటున పాస్‌వర్డ్ సేవ్ అయినా చుక్కలే కనిపిస్తాయి, ఎవరూ చదవలేరు.

చదవడం దాకా ఎందుకు, బ్రౌజరే చుక్కలు నింపి పెడుతుంది. వెనక వచ్చినవాడు లాగిన్ నొక్కితే చాలు. చదవాలనుకున్నా కష్టం లేదు. క్రోమ్ పాస్‌వర్డ్ జాబితాలో కన్ను బొమ్మ నొక్కితే అది అడిగేది విండోస్ పాస్‌వర్డ్. అది మీది కాదు, సెంటర్‌ది. కాబట్టి లాగిన్ కాగానే పైన వచ్చే చిన్న పెట్టెలో Never నొక్కండి. అలవాటుగా Save నొక్కేస్తే, లేవకముందే ఈ చిరునామా తెరిచి మీ పేరున ఉన్నదాన్ని తొలగించండి:

```
chrome://password-manager/passwords
```

అపోహ: ఇన్‌కాగ్నిటో వాడితే ఏ జాడా మిగలదు.

ఇన్‌కాగ్నిటో అంటే, మూసేశాక మీరు చూసిన పేజీలను, లాగిన్‌లను గుర్తుపెట్టుకోని బ్రౌజర్ విండో. అది మంచిదే. నేనైతే అందరినీ అందులోనే కూర్చోమంటాను. క్రోమ్‌లో Ctrl+Shift+N నొక్కితే వస్తుంది. అయితే ఆ విండోలన్నీ మూసేదాకా లాగిన్ బతికే ఉంటుంది. ఒకటి మూసి, వెనక దాగిన ఇంకోదాన్ని మరిచిపోయేవాళ్లు ఎందరో. కంప్యూటర్‌లో ఎవరైనా కీలాగర్ అనే దొంగ ప్రోగ్రామ్ పెట్టి ఉంటే, మీరు కొట్టే ప్రతి అక్షరం దానికి అందుతుంది. ఇన్‌కాగ్నిటో దాన్ని ఆపలేదు. బ్యాంకు పాస్‌వర్డ్ ఇక్కడ కొట్టకుండా, సైట్ క్యూఆర్ కోడ్ చూపిస్తే మీ ఫోనుతో స్కాన్ చేసి ఫీజు కట్టమనేది అందుకే.

అన్నిటికంటే ఎక్కువగా మిగిలిపోయేవి దించుకున్న ఫైళ్లు. ఇన్‌కాగ్నిటోలో దించినా అవి Downloads ఫోల్డర్‌లోనే ఉంటాయి. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా అని ధీమా పడతారు. ఆ పాస్‌వర్డ్ మీ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, ఆపై పుట్టిన సంవత్సరం. పక్కనే పదో తరగతి మెమో కూడా వదిలి వెళితే ఆ రెండూ దాని మీదే రాసి ఉంటాయి! ఫైలును ఎంచుకుని Shift+Delete నొక్కండి. ఉత్త Delete నొక్కితే రీసైకిల్ బిన్‌లోకి పోయి కూర్చుంటుంది. డెస్క్‌టాప్ మీద ఇంకో కాపీ ఉందేమో కూడా చూడండి. మా ఆపరేటర్లు ఫోటో సైజు తగ్గించి అక్కడే సేవ్ చేస్తుంటారు.

అపోహ: బస్సెక్కాక గుర్తొస్తే ఇక చేసేదేమీ లేదు.

మీ ఫోనులో అదే జీమెయిల్ ఉంటే బస్సులోనే సరిచేయవచ్చు. గూగుల్ ఖాతా సెట్టింగులలో Security కింద Your devices తెరవండి. సెంటర్ కంప్యూటర్ విండోస్ పేరుతో, మీరు వాడిన సమయంతో కనిపిస్తుంది. దాన్ని ఎంచి Sign out నొక్కండి. వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే, ఫోను వాట్సాప్‌లో Linked devices లోకి వెళ్లి అక్కడినుంచి తీసేయండి. పాస్‌వర్డ్ సేవ్ అయిందన్న అనుమానం ఉంటే దాన్ని మార్చేయండి. కంప్యూటర్‌లో మిగిలిన పాతది అప్పుడు ఎందుకూ పనికిరాదు.

దించిన పీడీఎఫ్‌లను మాత్రం ఫోను నుంచి చెరపలేరు. సెంటర్‌కు ఫోను చేసి ఏ కంప్యూటర్‌లో, ఎన్ని గంటలకు కూర్చున్నారో చెప్పండి. Downloads ఫోల్డర్‌ను తేదీ వరుసలో పెడితే ఆ ఫైళ్లు దొరుకుతాయి.