చిట్ కంపెనీలో ‘నెలనెలా వడ్డీ’ డిపాజిట్: అపోహలు – వాస్తవాలు

చీటీ పాడుకున్న డబ్బు తీసుకుందామని బ్రాంచికి వెళ్తే మేనేజరు ఒక మాట అంటాడు. “ఇప్పుడు అంత అవసరం లేదంటున్నారు కదా సార్, ఇక్కడే ఉంచండి. నూటికి రెండు రూపాయల చొప్పున నెలనెలా మీ ఖాతాలో వేస్తాం.” రసీదు చేతికిస్తారు. అప్పటిదాకా చిట్ చట్టం కింద ఉన్న డబ్బు ఆ రసీదుతో చట్టం బయటికి వెళ్ళిపోతుంది. ఆఫీసు అదే, బోర్డు అదే, మనుషులూ వాళ్ళే కాబట్టి తేడా తెలియదు. చిట్ కంపెనీల దగ్గర జనం ఇలాంటి డిపాజిట్లలోనూ సొమ్ము పోగొట్టుకుంటున్నారు. అందుకే వీటి గురించి విడిగా చెప్పాలి.

అపోహ: కంపెనీకి రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి డిపాజిట్‌కీ భద్రత ఉంది.

రిజిస్ట్రేషన్ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి.

మొదటిది కంపెనీ రిజిస్ట్రేషన్. mca.gov.in లో పేరు కొడితే కంపెనీ ఎప్పుడు పుట్టింది, డైరెక్టర్లు ఎవరు, లెక్కలు ఏ సంవత్సరం దాకా దాఖలు చేసింది అన్నది కనిపిస్తుంది. గోడకు తగిలించే సర్టిఫికెట్ చాలా వరకు ఇదే. ఇది ప్రజల నుంచి డబ్బు తీసుకునే అనుమతి కాదు. జీఎస్టీ నంబరు, పాన్ కార్డు కూడా అంతే.

రెండోది చిట్ రిజిస్ట్రేషన్. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం కంపెనీ ఒకసారి అనుమతి తెచ్చుకుని ఎన్ని చీటీలైనా నడపడానికి లేదు. ప్రతి గ్రూపుకూ చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర విడిగా ముందస్తు అనుమతి తీసుకోవాలి. దానికి ముందే చీటీ మొత్తానికి సరిపడా హామీ పెట్టాలి. మామూలుగా ఇది రిజిస్ట్రార్ పేరు మీద వేసే ఫిక్స్‌డ్ డిపాజిట్. అయిదు లక్షల చీటీకి అయిదు లక్షలు. ఆ గ్రూపులో టికెట్లన్నీ నిండాక రిజిస్ట్రార్ ప్రారంభ ధ్రువపత్రం ఇస్తారు. పాట మొదలుపెట్టాల్సింది ఆ తర్వాతే.

మూడోది డిపాజిట్లు సేకరించే అనుమతి. చిట్ చట్టం దీన్ని ఇవ్వదు. పైగా చిట్ కంపెనీలు ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. రిజిస్ట్రార్ దగ్గరున్న హామీ ఆ గ్రూపు సభ్యుల చీటీకే వర్తిస్తుంది. పాట డబ్బు వదిలేసి రసీదు తెచ్చుకున్న మనిషికి అందులో వాటా లేదు.

చూసుకోవడం కష్టమేమీ కాదు. కంపెనీని గ్రూపు పేరు, ముందస్తు అనుమతి ఉత్తర్వు నంబరు, ప్రారంభ ధ్రువపత్రం కాపీ అడగండి. చిట్ ఒప్పందం కాపీ ప్రతి సభ్యుడికీ ఇవ్వాలని చట్టంలోనే ఉంది, కాబట్టి దాని కోసం మొహమాటపడక్కర్లేదు. ఆ నంబర్లు పట్టుకుని చిట్స్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్ళండి. ఇది తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ కిందే ఉంటుంది. చీటీ మొత్తం, సభ్యుల సంఖ్య, నెలలు, మీ టికెట్ నంబరు మీ పాస్‌బుక్‌తో సరిపోవాలి. ఎప్పుడో ముగిసిపోయిన గ్రూపు నంబరునే కొత్త చీటీకి చూపించే మోసం ఇక్కడ బయటపడుతుంది.

డిపాజిట్ కాగితాన్ని గుర్తుపట్టడం ఇంకా తేలిక. దాని మీద గ్రూపు పేరు, టికెట్ నంబరు, పాట తేదీ ఉండవు. ‘చిట్ అడ్వాన్స్’ అనో ‘సబ్‌స్క్రిప్షన్ అడ్వాన్స్’ అనో అచ్చు వేసి, వడ్డీ రేటు మాత్రం చేత్తో రాస్తారు, లేదా నోటిమాటగా చెప్తారు. వడ్డీ అని అచ్చులో పెడితే తీసుకున్నది డిపాజిట్టేనని వాళ్ళ కాగితమే చెప్తుంది.

అపోహ: చిట్ వ్యాపారంలో లాభం బాగా ఉంటుంది, వడ్డీ అందులోంచే ఇస్తారు.

ఒక పాట లెక్క వేసి చూద్దాం. అయిదు లక్షల చీటీ, 25 మంది, 25 నెలలు, నెలకు 20,000. ఒక నెల ఒకరు లక్ష రూపాయలు తగ్గించి పాడుకున్నారు. ఆ లక్షలో కంపెనీ కమీషన్ 5 శాతం, అంటే 25,000. మిగిలిన 75,000 పాతిక మందికి పంచితే తలకు 3,000 డివిడెండ్. అందుకని ఆ నెల ఒక్కొక్కరు 17,000 కడతారు. మొత్తం వసూలు 4,25,000. పాడుకున్నవారికి 4,00,000, కంపెనీకి 25,000. ఇక పైసా మిగల్లేదు.

చీటీ అంటే సభ్యులు తమ డబ్బే తమలో తాము తిప్పుకోవడం. అందులో వడ్డీ పుట్టించే వేరే వ్యాపారం ఏదీ లేదు. డివిడెండ్ కూడా ఆ నెల ఎవరికి ఎంత అవసరం ఉండి ఎంతకి తగ్గించారన్న దాని మీదే ఆధారపడుతుంది. వచ్చే నెల పాట ఎంతకి పోతుందో ముందే చెప్పగలిగినవాళ్ళు లేరు. కాబట్టి చీటీ మీద స్థిరమైన నెలవారీ రాబడి అని ఎవరన్నా, అది చీటీ కాదు.

ఇదే చీటీలో చివరిదాకా పాడకుండా ఉన్నవారికి ఎంత వస్తుంది? సగటు డివిడెండ్ 2,500 అనుకుంటే 25 నెలల్లో కట్టేది 4,37,500. చివర చేతికొచ్చేది కమీషన్ పోను 4,75,000. లాభం 37,500. ఒక్కో కంతు సగటున ఏడాది పాటు లోపల ఉంటుంది కాబట్టి ఇది ఏడాదికి ఎనిమిదిన్నర శాతం చిల్లర. పాటలు మంచి రేటుకు పోయిన, ఎవరూ ఎగ్గొట్టని చీటీలో పరిస్థితి ఇది.

ఇప్పుడు కంపెనీ వైపు నుంచి చూడండి. కమీషన్‌కు చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి చీటీ మొత్తంలో 7 శాతం. 2019 సవరణకు ముందు 5 శాతమే ఉండేది. 5 శాతం తీసుకునే కంపెనీ కోటి రూపాయల డిపాజిట్లు సేకరించి నూటికి రెండు రూపాయలు ఇవ్వాలంటే నెలకు రెండు లక్షలు కావాలి. మనం చూసిన అయిదు లక్షల గ్రూపులు ఎనిమిదింటి కమీషన్ మొత్తం దానికే పోతుంది. జీతాలు, అద్దె, ఏజెంట్ల వాటా, పాడుకుని ఎగ్గొట్టినవారి బాకీ ఇంకా మిగిలే ఉన్నాయి. ఆ కంతులు రాకపోయినా మిగతా సభ్యుల పాట డబ్బు కంపెనీ తన జేబులోంచే ఇవ్వాలి మరి.

అపోహ: రెండేళ్ళ నుంచి ఒక్క నెల కూడా తప్పలేదు, కంపెనీ గట్టిదే.

జనం ఎక్కువగా నమ్మేది దీన్నే. లెక్కలో మాత్రం ఇది అన్నిటికంటే బలహీనమైన ఆధారం.

మీరు పది లక్షలు ఇచ్చారు. అందులో 50,000 ఏజెంటుకు పోయిందనుకుందాం. కంపెనీ మిగిలిన తొమ్మిదిన్నర లక్షలు బీరువాలో పెట్టి, ఏ వ్యాపారమూ చెయ్యకుండా, అందులోంచే నెలకు 20,000 చొప్పున మీకు పంపిస్తోంది. ఎన్నాళ్ళు పంపగలదు? 47 నెలలు. అంటే దాదాపు నాలుగేళ్ళు. రెండేళ్ళలో మీకు అందిన 4,80,000 మీ అసలులోంచే రావచ్చు. నూటికి మూడు రూపాయలు ఇచ్చే చోట కూడా ఇదే లెక్కన 31 నెలలు నడుస్తుంది. కొత్తవాళ్ళ డబ్బు వచ్చి పడుతుంటే ఇంకా సాగుతుంది. వడ్డీ సమయానికి రావడం కంపెనీ దగ్గర నగదు ఉందనే చెప్తుంది, ఆదాయం ఉందని చెప్పదు.

అసలు సంగతి అసలు తిరిగి అడిగినప్పుడు తెలుస్తుంది. గడువు తీరిన రోజున సగమైనా వెనక్కి అడిగి చూడండి. “ఇంకో ఏడాది ఉంచితే పావలా ఎక్కువిస్తాం” అంటే అది ప్రమాద సూచన. వడ్డీ ఆగకుండా వస్తూ అసలు మాత్రం వాయిదాల మీద వాయిదాలు పడటం రెండోది. మూడోది చీటీ వైపు కనిపిస్తుంది. పాడుకున్నవారు జామీనుదారులను చూపించినా, కాగితాలు సరిగా లేవంటూ రెండు మూడు నెలలు తిప్పుతారు. వెంటనే చెల్లించని పాట డబ్బును కంపెనీ విడిగా బ్యాంకు ఖాతాలో వేసి ఉంచాలని చట్టం చెప్తోంది. అది లేదంటే చీటీ డబ్బు డిపాజిట్ల వడ్డీకి పోతూ ఉండవచ్చు. డిపాజిట్ పెట్టనివాళ్ళు కూడా ఈ దశలో జాగ్రత్తపడాలి.

అపోహ: ఎంత వడ్డీ ఇస్తామన్నది వాళ్ళిష్టం.

కాదు. డిపాజిట్లు తీసుకునే అనుమతి ఉన్న ఫైనాన్స్ కంపెనీ కూడా ఏడాదికి 12.5 శాతానికి మించి ఇవ్వడానికి లేదు. మామూలు కంపెనీల డిపాజిట్లకూ, సభ్యుల నుంచి మాత్రమే తీసుకునే నిధి కంపెనీలకూ ఇదే గరిష్ఠ పరిమితి. మన లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు రూపాయి నాలుగు పైసలు. రెండు రూపాయలన్నారంటే పరిమితికి దాదాపు రెట్టింపు. ఫైనాన్స్ కంపెనీ అని చెప్తే, రిజర్వు బ్యాంకు జాబితాలో పేరు ఉండటం ఒక్కటే చాలదు, డిపాజిట్లు తీసుకునే అనుమతి ఉందా అన్నది చూడాలి. ఎక్కువ కంపెనీలకు అప్పులిచ్చే అనుమతే ఉంటుంది. sachet.rbi.org.in లో ఈ వివరాలు వెతకవచ్చు.

అపోహ: చెక్కులు, ప్రామిసరీ నోటు ఉన్నాయి, వాళ్ళకు భూములూ ఉన్నాయి.

చెక్కు తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. బౌన్స్ అయితే 30 రోజుల్లో నోటీసు పంపాలి, అది వాళ్ళకు అందిన తర్వాత 15 రోజులు ఆగాలి, తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వెయ్యాలి. ఏజెంటు “ఇంకో తేదీ రాసిస్తాం” అంటూ సాగదీసేది ఈ గడువులు దాటించడానికే. భూముల విషయానికొస్తే, అవి ఎవరి పేరు మీద ఉన్నాయి, ఎక్కడ తాకట్టులో ఉన్నాయి అన్నవి ముందు తేలాలి. అగ్రిగోల్డ్‌కు ఎన్నో జిల్లాల్లో ఆస్తులున్నాయి. అయినా ఆంధ్రప్రదేశ్‌లో పది వేల లోపు డిపాజిట్‌దారులకు 2019లో, ఇరవై వేల లోపు వారికి 2021లో డబ్బు ఇచ్చింది ప్రభుత్వం.

అపోహ: ఫిర్యాదు చేస్తే వచ్చే వడ్డీ కూడా ఆగిపోతుంది, ఊరుకోవడమే మేలు.

2019 నాటి అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం ప్రకారం అనుమతి లేకుండా డిపాజిట్ తీసుకోవడమే నేరం. ఎగ్గొట్టేదాకా ఆగాల్సిన పని లేదు. డబ్బు కట్టమని తిరిగే ఏజెంటుకూ శిక్ష ఉంది. ఆస్తులు జప్తు చేసే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది, కానీ జప్తు చేసే నాటికి ఆస్తి మిగిలి ఉండాలి.

చాలామంది చేసే పొరపాటు చీటీ బాకీ, డిపాజిట్ బాకీ ఒకే కాగితంలో రాయడం. చీటీ తగాదా, అంటే పాట డబ్బు ఇవ్వకపోవడం, కట్టిన కంతులు జమ చూపించకపోవడం, చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర వెయ్యాలి. సివిల్ కోర్టుకు వెళ్తే చట్టం అడ్డొస్తుంది. దానికి పాస్‌బుక్, చిట్ ఒప్పందం, కంతుల రసీదులు జతచేయండి. డిపాజిట్ సంగతి పోలీసుల ఆర్థిక నేరాల విభాగానికి వెళ్ళాలి, సచేత్ పోర్టల్‌లోనూ నమోదు చేయవచ్చు. దానికి డిపాజిట్ రసీదు, డబ్బు వెళ్ళిన బ్యాంకు స్టేట్‌మెంట్, వడ్డీ జమైన ఎంట్రీలు, ఏజెంటు పంపిన వాట్సాప్ మెసేజీలు కావాలి. పాట డబ్బునే డిపాజిట్‌గా మార్చుకున్నవారు ఆ పాట తేదీ, టికెట్ నంబరు రెండు ఫిర్యాదుల్లోనూ రాయాలి. ఒరిజినల్ రసీదులు ‘రెన్యువల్ కోసం’ అని అడిగినా ఇవ్వకండి, జిరాక్స్ మాత్రమే ఇవ్వండి.