గుండె లయ తప్పితే బీపీ మిషన్ ఎందుకు తడబడుతుంది

బెంగళూరు మారతహళ్లిలో ఉండే మా పిన్ని పోయిన ఆదివారం ఫోన్ చేసి "ఒరేయ్, బీపీ మిషన్ పాడైందిరా, కొత్తది కొనాలి" అంది. నిమిషం తేడాతో మూడుసార్లు చూసుకుంటే 148/96, 121/84, 136/102 వచ్చాయట. సెల్స్ మార్చింది, కుర్చీ మార్చింది, ఆడవాళ్లకి ఎడమ చెయ్యే చూడాలని పక్కింటావిడ చెబితే చెయ్యి కూడా మార్చింది. ఇది నాడి చూసే పాత అలవాటు, బీపీకి ఆడ మగ తేడా లేదు. మొదటిసారి రెండు చేతులకీ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే తర్వాత చూసుకుంటూ ఉండాలి, అంతే.

సాయంత్రం వెళ్లి మణికట్టు పట్టుకున్నాను. రెండు దెబ్బలు దగ్గరదగ్గరగా, తర్వాత పెద్ద ఖాళీ, ఆ వెంటనే ఒక గట్టి దెబ్బ, ఆపైన తగిలీ తగలనట్టు ఇంకోటి. నిమిషం పాటు చూసినా ఒక వరస దొరకలేదు. మర్నాడు ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని తేలింది. అంటే మిషన్ పాడవలేదు.

ఈ జబ్బులో గుండె పై గదులు ఒక్కసారిగా ముడుచుకోవడం మానేసి అడ్డదిడ్డంగా వణుకుతుంటాయి. నిమిషానికి 350 నుంచి 600 దాకా విద్యుత్ సంకేతాలు పుడుతుంటే, మధ్యలో ఉన్న ఏవీ నోడ్ వాటిలో కొన్నిటినే, అదీ ఒక లెక్క లేకుండా, కింది గదులకి వదులుతుంది. కుళాయి కింద బిందె పెట్టి ఒకసారి పది సెకన్లకి, ఒకసారి నాలుగు సెకన్లకి లాగేస్తే ఏమవుతుంది? ఒక బిందె నిండుగా, ఒకటి సగమే ఉంటుంది. కింది గది కూడా అంతే. ఖాళీ ఎక్కువ దొరికితే బాగా నిండి గట్టిగా తోస్తుంది, తొందరపడితే సగం నిండి బలహీనంగా తోస్తుంది. కొన్ని దెబ్బలైతే మణికట్టు దాకా రానే రావు. డాక్టరు స్టెతస్కోపుతో గుండె దగ్గర లెక్కపెడితే పిన్నికి 112, అదే నిమిషంలో మణికట్టు దగ్గర 94.

కాబట్టి ఆమెకి ఒక బీపీ అంటూ లేదు, ప్రతి దెబ్బకీ ఒక బీపీ ఉంది. మిషన్‌కి ఈ సంగతి తెలియదు. అది శబ్దం వినదు. పట్టీని గట్టిగా బిగించి, గాలి మెల్లగా వదులుతూ, రక్తనాళం కొట్టుకున్నప్పుడల్లా పట్టీ గాలిలో పుట్టే చిన్న అలని కొలుస్తుంది. గాలి తగ్గేకొద్దీ అలలు పెరిగి, ఒక చోట అన్నిటికంటే పెద్దదై, మళ్లీ చిన్నవవుతాయి. ఆ పెద్ద అల వచ్చిన చోటు సగటు ఒత్తిడి. పై నంబరు, కింది నంబరు మిషన్ నేరుగా చూసేవి కావు, ఆ పెద్ద అలలో ఇంత వంతు ఉన్న చోట అని కంపెనీ పెట్టుకున్న లెక్క ప్రకారం తేల్చేవి.

లెక్క తేలికవడానికి పెద్ద అల ఎత్తు 2 అనుకుందాం, అల అందులో సగానికి, అంటే 1కి, చేరిన చోట పై నంబరు అనుకుందాం. లయ సరిగా ఉన్న మనిషికి అలలు వరసగా పెరుగుతూ 134 దగ్గర 1కి చేరతాయి, ఎన్నిసార్లు చూసినా దాదాపు అక్కడే. పిన్నికి 146 దగ్గర నిండు బిందె లాంటి దెబ్బ ఒకటి పడితే అల అక్కడే 1 దాటేసింది, మిషన్ 146 అని రాసేస్తుంది. ఇంకోసారి 138 నుంచి 124 దాకా సగం బిందెలే వరసగా వస్తే అల 1కి చేరదు, 122 అంటుంది. అసలు చిక్కు ఇంకోటుంది. పెద్ద అల దగ్గరే ఒక బలమైన దెబ్బ పడి ఎత్తు 2.6 అయితే, సగం కూడా 1.3 అయిపోతుంది. కొలబద్దే మారిపోయింది! అప్పుడు పై నంబరు దిగుతుంది, కింది నంబరు పెరుగుతుంది. మిషన్ నమ్మకం ఒక్కటే, అల మారితే అది పట్టీ బిగువు మారడం వల్లే అని. ఇక్కడ దెబ్బా మారుతోంది, బిగువూ మారుతోంది, దేనివల్ల ఎంతో దానికి తేలదు. కొన్ని మిషన్లు అందుకే మళ్లీ మళ్లీ గాలి కొట్టి చివరికి Err చూపిస్తాయి, కొన్ని లయ తప్పిందని గుండె గుర్తు వేస్తాయి. ఆ గుర్తు పదేపదే వస్తుంటే ఈసీజీ తీయించుకోవాలి, ఎందుకంటే వణికే గదిలో రక్తం గడ్డకట్టి మెదడుకి పోయే ప్రమాదం ఉంది.

అలాగని మిషన్‌ని అవతల పడేయక్కర్లేదు. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, నిమిషం నిమిషం తేడాతో కనీసం మూడుసార్లు చూసి సగటు తీస్తే పై నంబరు చాలావరకు నమ్మొచ్చు. పిన్ని మూడు రీడింగుల సగటు 135/94. కింది నంబరు మాత్రం కొంచెం ఎక్కువగా చూపించే అవకాశం ఉంది. డాక్టరు పాత పద్ధతిలో, స్టెతస్కోపు పెట్టి, గాలి సెకనుకి 2 మిల్లీమీటర్ల చొప్పున మెల్లగా వదులుతూ చూశారు. ఆ పద్ధతిలోనూ మొదట వినిపించేది ఆ క్షణానికి పడిన బలమైన దెబ్బే కావచ్చు, అందుకే ఆయన కూడా మూడుసార్లు చూసి సగటు తీశారు. 132/84 వచ్చింది.

పిన్ని ఇప్పుడు క్యాలెండర్ మీద ఆ రోజు గడిలో మూడు రీడింగులూ ఒకదాని కింద ఒకటి రాసి, పక్కన సగటుకి గీత గీస్తోంది. 121 వచ్చిన రోజు తనంతట తానే మాత్ర మానేయడం మాత్రం ఆపించాను.