గాలిలో నిలిచే అయస్కాంతానికి 23 మిల్లీసెకన్ల గడువు

పైన ఒక విద్యుదయస్కాంతం, దాని కింది ముఖానికి అంటించిన, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే హాల్ సెన్సర్, ఆ కింద 1 సెంటీమీటరు ఎడంలో ఏ ఆధారమూ లేకుండా నిలిచిన చిన్న బిళ్ల అయస్కాంతం: ఈ ప్రదర్శనలో కంటికి కనిపించేది ఇంతే. బిళ్ల నిశ్చలంగా ఉన్నట్టే అనిపిస్తుంది గాని, నిజానికి అది అనుక్షణమూ కింద పడబోతూనో, పైకి అతుక్కోబోతూనో ఉంటుంది.

కరెంటు మారకుండా ఉంటే, ఆకర్షణ బిళ్ల బరువుకు సరిగ్గా సమానమయ్యే చోటు ఒక్కటే. అక్కడి నుంచి వెంట్రుకవాసి పైకి జరిగినా ఆకర్షణ పెరిగి ఇంకా పైకి లాగుతుంది. కిందికి జరిగితే బరువుదే పైచేయి అవుతుంది. ఆకర్షణ దూరపు వర్గానికి విలోమంగా మారుతుందనుకుంటే, ఇలా జరిగిన దూరం 2.7 రెట్లు పెరగడానికి పట్టే కాలం √(d/2g) అవుతుంది. ఇందులో d ఎడం, g గురుత్వ త్వరణం. బిళ్ల బరువు ఈ లెక్కలోకి రానేరాదు, నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన సంగతి అదే. 1 సెంటీమీటరు ఎడానికి ఆ కాలం సుమారు 23 మిల్లీసెకన్లు. అంటే ఆ చోటు నుంచి 0.1 మిల్లీమీటరు పైకో కిందికో తొలగిన బిళ్ల, దిద్దేవారు లేకపోతే, సెకనులో పదో వంతు గడిచేసరికి దాదాపు 4 మిల్లీమీటర్లు తొలగిపోతుంది.

అందుకే సెన్సర్ క్షేత్రాన్ని కొలవడం, అందులోంచి విద్యుదయస్కాంతపు కాయిల్ సొంత క్షేత్రాన్ని తీసివేసి బిళ్ల ఎక్కడుందో తేల్చడం, కరెంటును సరిచేయడం, ఇవన్నీ ఆ గడువులో చిన్న భాగంలోనే ముగియాలి. ఆలస్యమైతే దిద్దుబాటు బలం బిళ్ల ఇప్పుడున్న చోటుకు కాక, కాసేపటి క్రితం ఉన్న చోటుకు తగినట్టుగా పనిచేస్తుంది. బిళ్ల అప్పటికే వెనక్కి వస్తుంటే, ఊయలను అది కదిలే వైపే తోసినట్టు, ప్రతి ఊపుకూ శక్తి జతవుతుంది. కాయిల్ కూడా ఆలస్యం చేస్తుంది: కరెంటు మార్పును అడ్డుకునే ఇండక్టెన్స్ 20 మిల్లీహెన్రీలు, నిరోధం 5 ఓములు ఉంటే, కరెంటు చాలావరకు మారడానికే 4 మిల్లీసెకన్లు పడుతుంది. కనుక దూరాన్ని మాత్రమే చూస్తే చాలదు. వరుస కొలతల తేడా నుంచి వేగాన్ని లెక్కించి, బిళ్ల దూరం కాకముందే అడ్డుకోవాలి.

ఒకసారి నేను ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో బిళ్లను నిలబెట్టాను. కొలతలు తెరపై చూడాలని, ప్రోగ్రాములో పదేపదే తిరిగే లూపులో ఒక్క `Serial.println(x)` చేర్చగానే బిళ్ల గుర్రుమంటూ వణికి, ఊపు పెరిగి, కాయిల్‌కు ఠక్కున అతుక్కుంది. 9600 బాడ్ వేగంలో ఒక్కో అక్షరానికి దాదాపు 1 మిల్లీసెకను పడుతుంది. మూడంకెల కొలతకు లైను ముగింపు గుర్తులతో కలిపి 5 అక్షరాలు. పంపాల్సిన అక్షరాలు వేచి ఉండే బఫర్ నిండాక లూపు ఒక్క చుట్టు తిరగడానికి 5 మిల్లీసెకన్లకు పైగా పడుతోంది. ఆ వరుసను తీసేసి, 200 కొలతలను శ్రేణిలో దాచి, బిళ్లను చేత్తో తీశాక ముద్రిస్తే, అది మళ్లీ నిశ్శబ్దంగా నిలిచింది.