ఫొటో చూసి నకిలీ ఎల్‌ఈడీ బల్బు పట్టడం: అపోహలు - వాస్తవాలు

విజయవాడ వన్‌టౌన్‌లో ఎలక్ట్రికల్ షాపు కదా, "అన్నా, ఇది ఒరిజినలేనా" అంటూ వాట్సాప్‌లో బల్బు ఫొటోలు వస్తూనే ఉంటాయి. సగం మంది ముందు డబ్బా మీది బొమ్మ పంపుతారు. దాంతో నాకేం పని? హోల్డర్‌లో పెట్టే క్యాప్, బాడీ మీద ప్రింటు, డబ్బా వెనక వైపు, ఈ మూడూ కావాలి, అదీ డాక్యుమెంట్‌గా పంపాలి, లేకపోతే చిన్న అక్షరాలు అలికేసినట్టు వస్తాయి.

అపోహ: క్యాప్ తళతళలాడితే ఒరిజినల్.
మెరుపును బట్టి ఏమీ చెప్పలేం. నేను చూసేది క్యాప్, ప్లాస్టిక్ బాడీ కలిసే చోటు. అక్కడ క్యాప్‌ని మిషన్ మీద చుట్టూ ఒకేసారి నొక్కి బిగిస్తే చిన్న గుంతలు ఒకే వరసలో, సమాన దూరంలో పడతాయి. ఎగుడుదిగుడుగా ఉన్నా, క్యాప్ పక్కకి ఒరిగినా అనుమానించాల్సిందే. అడుగున సోల్డర్ చుక్కల మీద గీతలుంటే మాత్రం వెంటనే పాత బల్బు అనేయకండి, షాపులో వెలిగించి చూపించినా అవి పడతాయి.

అపోహ: 12 వాట్లని ప్రింటు ఉంటే 12 వాట్లే.
అసలు సంగతి ఇక్కడే ఉంది. వాట్ల పక్కన చిన్న అక్షరాల్లో ఓల్టేజీ, కరెంటు కూడా ఉంటాయి, వాటిని ఎవరూ చదవరు. మొన్న గుంటూరు నుంచి ఒకాయన పంపిన ఫొటోలో 12 వాట్లు, 220-240 ఓల్టులు, 30 మిల్లీ ఆంపియర్లు అని ఉంది. 30 మిల్లీ ఆంపియర్లంటే 0.03 ఆంపియర్లు, 240ని దాంతో గుణించండి, 7.2 వస్తుంది. ఈ గుణకారంలో నిజంగా వాట్లుగా మారే వంతే పవర్ ఫ్యాక్టర్, అది పూర్తిగా 1 అనుకున్నా ఆ కరెంటుతో 7.2 వాట్లు దాటవు, ఇంక 12 ఎక్కడివి? పవర్ ఫ్యాక్టర్ 0.9 ఉన్న నిజమైన 12 వాట్ల బల్బు 240 ఓల్టుల దగ్గర దాదాపు 55 మిల్లీ ఆంపియర్లు తీసుకోవాలి. అంటే ఏదో 7 వాట్ల బల్బు ప్రింటులో వాట్లు ఒక్కటే మార్చి ఉంటారు, లేదా తోచిన అంకె వేసుంటారు. ఎలాగైనా ఆ ప్రింటును నమ్మలేం.

కరెంటు మరీ ఎక్కువ రాసి ఉంటే, ఉదాహరణకి అదే 12 వాట్లకి 110 మిల్లీ ఆంపియర్లుంటే, అది నకిలీ అనలేం, పవర్ ఫ్యాక్టర్ తక్కువన్నమాట. దాని పక్కనే పవర్ ఫ్యాక్టర్ 0.9 కన్నా ఎక్కువని కూడా వేసి ఉంటే మాత్రం రెండిట్లో ఒకటి అబద్ధం. లెక్క కుదిరినంత మాత్రాన బల్బు మంచిదని కాదు, అసలు వాట్లు తేలాలంటే వాట్ మీటరే కావాలి.

అపోహ: డబ్బా మీద ఐఎస్ఐ ముద్ర ఉంది, చాలు.
ఎల్‌ఈడీ బల్బుకి ఉండాల్సింది బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు: IS 16102 (Part 1), R- తర్వాత ఎనిమిది అంకెలు. ఆ నంబర్ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. నంబర్ దొరికిందని ఆగొద్దు, కాపీ కొట్టడం తేలిక. అక్కడ కనిపించే తయారీదారు పేరు, అడ్రసు, బ్రాండు డబ్బా వెనక ఉన్నవాటితో కలవాలి. బ్రాండు ఒకరిది, ఫ్యాక్టరీ ఇంకొకరిది కావడం మామూలే, అది తప్పు కాదు. యాప్‌లో ఆ నంబర్‌కి వేరే బ్రాండో, బల్బు కాకుండా ఇంకేదైనా వస్తువో వస్తే వెనక్కిచ్చేయండి.